ఇంగ్లిషులో వచ్చిన ఒప్పంద ఉల్లంఘన నోటీసు: చిన్న పరిశ్రమల యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

వకీలు ఇంగ్లిషులో రాసి పంపిన నోటీసు చేతికందగానే యజమానులు ఒకే రకమైన సందేహాలతో వస్తారు. కొందరు భయపడి అడిగినంతా కట్టేస్తామంటారు, కొందరు కవరు విప్పకుండానే పక్కన పెడతారు. ఈ రెంటివల్లా నష్టపోయినవారిని చూశాను కాబట్టి, మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలను దశల వారీగా ఇక్కడ కూర్చాను.

జవాబులు స్పష్టంగా ఉండేందుకు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకున్నాను. విజయవాడ దగ్గర అట్టపెట్టెలు తయారు చేసే యూనిట్ యజమాని, హైదరాబాదులోని ఒక కొనుగోలుదారుకు 40,000 పెట్టెలు, ఒక్కొక్కటి 30 రూపాయల చొప్పున, 2025 మార్చి 31లోగా ఇస్తానని ఒప్పుకొని 4,00,000 రూపాయల అడ్వాన్సు తీసుకున్నాడు. గడువులోగా 24,000 పెట్టెలు చేరాయి. మిగిలిన 16,000 ఏప్రిల్ 12న పంపబోతే కొనుగోలుదారు వద్దన్నాడు. ఆ తరువాత నోటీసు వచ్చింది. లెక్కల్లో జీఎస్టీని పక్కన పెట్టాను.

## నోటీసు అందిన రోజు

ఇది కోర్టు నుంచి వచ్చిన కాగితమా? కేసు పడిపోయినట్లేనా?

కాదు. పైన న్యాయవాది పేరు, కార్యాలయం చిరునామా ఉండి, లోపల "అండర్ ఇన్‌స్ట్రక్షన్స్ ఫ్రమ్ మై క్లయింట్" అని మొదలైతే అది అవతలి పక్షం తన వకీలు చేత రాయించిన ఉత్తరం మాత్రమే. కోర్టు సమన్లపై కోర్టు పేరు, ముద్ర, దావా నంబరు, హాజరు కావలసిన తేదీ ఉంటాయి. నోటీసులో "లీగల్ నోటీస్" అని పెద్ద అక్షరాలతో ఉన్నంత మాత్రాన అది ఆదేశం కాదు. ప్రైవేటు వ్యక్తుల మధ్య మామూలు ఒప్పంద వివాదంలో దావాకు ముందు నోటీసు ఇవ్వాలని చట్టం సాధారణంగా నిర్బంధించదు కూడా. అయినా రేపు దావా పడితే ఈ ఉత్తరం, దానికి మీరిచ్చిన జవాబు రెండూ న్యాయమూర్తి ముందుకు వస్తాయి కాబట్టి దానిని తేలికగా తీసుకోకూడదు.

పోస్టుమాన్ తెచ్చిన కవరు తీసుకోకపోతే నోటీసు అందనట్లే కదా?

ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, దీనివల్ల నష్టపోయేది తీసుకోనివారే. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరాన్ని తిరస్కరిస్తే, అది అందినట్లే కోర్టు భావిస్తుంది. అందలేదని నిరూపించే భారం మీ మీద పడుతుంది. పైగా లోపల ఏముందో, ఎన్నాళ్ళ గడువు ఇచ్చారో మీకు తెలియకుండా పోతుంది. కవరు తీసుకోండి, అందిన తేదీని కవరు మీదే రాయండి, కవరును పారేయకండి. తపాలా ముద్రలోని తేదీ తరువాత గడువు లెక్కకు పనికొస్తుంది.

## చదివి అర్థం చేసుకునేటప్పుడు

అంత పెద్ద నోటీసులో ముందు ఏ భాగం చదవాలి?

చివరి రెండు పేరాలు. "యూ ఆర్ హియర్‌బై కాల్డ్ అపాన్ టు" అనే మాటల తరువాత వచ్చేదే అసలు డిమాండు: ఎంత సొమ్ము, ఏ పని, ఎన్ని రోజుల్లో. "ఫెయిలింగ్ విచ్" తరువాత వచ్చేది, అలా చేయకపోతే ఏం చేస్తామన్న హెచ్చరిక. ఈ రెండూ తెలిశాక వెనక్కు వెళ్ళి, ఒప్పందంలోని ఏ క్లాజును మీరు ఉల్లంఘించారని ఆరోపిస్తున్నారో చూడండి. అప్పుడు మీ దగ్గరున్న ఒప్పందం లేదా పర్చేజ్ ఆర్డరు తీసి, ఆ క్లాజు నిజంగా అలాగే ఉందో లేదో మాటకు మాట పోల్చండి. నోటీసులో క్లాజును సగం మాత్రమే ఉటంకించి, యజమానికి అనుకూలమైన మిగతా సగాన్ని వదిలేయడం తరచుగా కనిపిస్తుంది.

మా అబ్బాయి తెలుగులో చదివి చెప్పాడు. అయినా ఎక్కడ పొరపాటు జరగవచ్చు?

ఇంగ్లిషు బాగా వచ్చినవారు కూడా చట్టపు మాటల దగ్గర తడబడతారు, ఎందుకంటే ఆ మాటలకు వాడుకలో ఒక అర్థం, ఒప్పందంలో మరో అర్థం ఉంటుంది. "కన్సిడరేషన్" అంటే ఇక్కడ పరిశీలన కాదు, ప్రతిఫలం, అంటే ఇచ్చిపుచ్చుకునే సొమ్ము లేదా విలువ. "డామేజెస్" అంటే సరుకు పాడవడం కాదు, నష్టపరిహారం. ఒప్పందాన్ని "ఎగ్జిక్యూట్" చేశారంటే అమలు చేశారని కాదు, సంతకాలు చేసి ముగించారని. ఒప్పందం "డిటర్మిన్" అయిందంటే నిర్ణయమైందని కాదు, రద్దయిందని. "కాల్డ్ అపాన్" అంటే వచ్చి కలవమని కాదు, ఫలానా పని చేయమని కోరుతున్నామని.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థమయ్యే మాట "వితౌట్ ప్రెజుడిస్". దానిని "ద్వేషం లేకుండా" అని చదివి, అవతలివారు మెత్తబడ్డారనుకున్న యజమానులున్నారు. నోటీసులో ఆ మాటకు అర్థం, ఇప్పుడు అడుగుతున్నది కాక తమకున్న ఇతర హక్కులను వదులుకోవడం లేదని. రాజీ ఉత్తరంపై అదే మాట రాస్తే, ఈ ఉత్తరంలోని ప్రతిపాదనను రేపు మాకు వ్యతిరేకంగా ఒప్పుకోలుగా వాడరాదని. ఒకే మాటకు చోటును బట్టి అర్థం మారుతుంది కాబట్టి, చదివి చెప్పేవారు వాక్యం మొత్తాన్ని చెప్పాలి, మాటను విడదీసి చెప్పకూడదు.

"టైమ్ ఈజ్ ది ఎసెన్స్" అని గట్టిగా రాశారు. దాని బరువు ఎంత?

చాలానే ఉంది. గడువు ఒప్పందానికి ప్రాణం లాంటిదని దాని భావం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, గడువు అంత ముఖ్యమని ఇరుపక్షాలూ ఉద్దేశించి ఉంటే, ఆలస్యమైనప్పుడు అవతలివారు మిగిలిన ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అలాంటి ఉద్దేశం లేకపోతే ఒప్పందం రద్దు కాదు, ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని మాత్రమే అడగవచ్చు. నోటీసులో ఆ మాట ఉంటే సరిపోదు, అసలు ఒప్పందంలోనూ, తరువాతి నడవడిలోనూ అది కనబడాలి. గడువు దాటాక కూడా "పర్వాలేదు, పంపండి" అని కొనుగోలుదారు వాట్సాప్‌లో రాసి ఉంటే ఆ ఒక్క సందేశం నోటీసులోని ఒక పేజీకి జవాబవుతుంది.

"సివిల్ అండ్ క్రిమినల్ ప్రొసీడింగ్స్" అన్నారు. పోలీసులు వస్తారా?

సరుకు ఆలస్యం కావడం, కొంత సరుకు ఇవ్వలేకపోవడం సివిల్ వివాదాలు. ఒప్పందం కుదిరే సమయానికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితే తప్ప అది మోసం నేరం కాదు. 24,000 పెట్టెలు పంపినవారికి మొదటి నుంచీ దురుద్దేశం ఉందనడం కష్టం. కానీ మీరు హామీగా చెక్కు ఇచ్చి, అది బ్యాంకులో తిరిగి వచ్చి ఉంటే విషయం వేరు. అప్పుడు నోటీసులో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను ప్రస్తావన ఉంటుంది. దానిని చూసిన రోజే వకీలును కలవాలి.

## గడువులు

15 రోజులు అన్నారు. ఏ రోజు నుంచి లెక్క?

నోటీసులో రాసిన మాటే దీనికి ఆధారం. "ఫ్రమ్ ది రిసీట్" అంటే అందిన రోజు నుంచి, "ఫ్రమ్ ది డేట్ హియర్‌ఆఫ్" అంటే నోటీసుపై వేసిన తేదీ నుంచి. మన ఉదాహరణలో నోటీసు తేదీ ఏప్రిల్ 21, అందినది ఏప్రిల్ 26. మొదటి రోజును వదిలి లెక్కించడం ఆనవాయితీ. అందిన రోజు నుంచి అయితే గడువు మే 11న, నోటీసు తేదీ నుంచి అయితే మే 6న ముగుస్తుంది. ఆ మే 11 ఆదివారం కాబట్టి, జవాబు మే 9 శుక్రవారంలోగా పోస్టులో పడేలా చూసుకోవడం మేలు. రెండింటిలో ఏది వర్తిస్తుందో తేలకపోతే ముందు వచ్చే తేదీనే గడువుగా పెట్టుకోండి.

గడువు దాటిపోయింది. ఇక ఓడిపోయినట్లేనా?

మామూలు ఒప్పంద నోటీసులోని గడువును పెట్టింది చట్టం కాదు, అవతలి వకీలు. అది దాటితే వారు దావా వేసుకోవచ్చు, అంతే. అందువల్ల మీరు బాకీ పడ్డట్టు తీర్పు వచ్చినట్లు కాదు. 16వ రోజున గానీ 25వ రోజున గానీ జవాబు పంపవచ్చు, ఆలస్యానికి కారణం ఒక వాక్యంలో రాస్తే చాలు. అసలు జవాబే లేకపోతే మాత్రం, ఆరోపణలు అబద్ధమైతే అప్పుడే ఎందుకు ఖండించలేదని కోర్టులో అడుగుతారు. ఆ ప్రశ్నకు తరువాత మంచి సమాధానం దొరకదు.

అన్ని నోటీసుల గడువులూ ఇలా మెత్తగానే ఉంటాయా?

ఉండవు. మూడు రకాల నోటీసుల్లో గడువును చట్టమే పెట్టింది. చెక్కు తిరిగి వచ్చినందుకు 138వ సెక్షను కింద వచ్చిన నోటీసైతే, అందిన నాటి నుంచి 15 రోజుల్లో చెక్కు సొమ్ము చెల్లించకపోతే క్రిమినల్ ఫిర్యాదుకు దారి ఏర్పడుతుంది. మీ సంస్థ కంపెనీగా గానీ ఎల్ఎల్‌పీగా గానీ నమోదై ఉండి, దివాలా చట్టం 8వ సెక్షను కింద డిమాండ్ నోటీసు వస్తే, వివాదం ఉందని 10 రోజుల్లో తెలియజేయాలి. ఆ దారికి బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి కాబట్టి చిన్న యూనిట్లకు ఇది అరుదు. ఇక వివాదాన్ని కోర్టులో కాక ఆర్బిట్రేటరు అనే తటస్థ వ్యక్తి చేత తేల్చుకోవాలన్న ఆర్బిట్రేషన్ క్లాజును ప్రయోగిస్తున్నామని నోటీసులో రాసి, ఆ వ్యక్తి పేరు సూచించి ఉంటే, 30 రోజుల్లో మీరు స్పందించాలి. లేకపోతే నియామకం కోసం వారు హైకోర్టుకు వెళ్ళవచ్చు. అందుకే నోటీసు పైభాగంలో "సబ్జెక్ట్" దగ్గర ఏ సెక్షను రాశారో ముందే చూడాలి.

## అడిగిన సొమ్ము

13 లక్షలు అడుగుతున్నారు. అంతా కట్టాల్సి వస్తుందా?

నోటీసులోని అంకె అవతలివారి కోరిక. దానిని భాగాలుగా విడదీసి లెక్క వేయండి. మన ఉదాహరణలో 4,00,000 అడ్వాన్సు వాపసు, 9,00,000 వ్యాపార నష్టం అడిగారు.

అడ్వాన్సు సంగతి ముందు చూద్దాం. చేరిన 24,000 పెట్టెల ధర 7,20,000 రూపాయలు. అందులో అడ్వాన్సు 4,00,000 సర్దుబాటైపోగా, ఇంకా 3,20,000 కొనుగోలుదారే ఇవ్వాలి. అంటే వాపసు ఇవ్వడానికి అడ్వాన్సు మిగలలేదు.

వ్యాపార నష్టం సంగతికి వస్తే, కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను ఉల్లంఘన వల్ల సహజంగా కలిగే నష్టాన్ని, లేదా ఒప్పంద సమయంలోనే ఇరుపక్షాలకూ తెలిసిన నష్టాన్ని మాత్రమే ఇప్పిస్తుంది. దూరపు నష్టాన్ని ఇప్పించదు. పెట్టెలు రాకపోవడం వల్ల ఒక పెద్ద ఆర్డరు పోయిందని అంటే, ఆ ఆర్డరు సంగతి మీకు ముందే చెప్పారా అన్నది ప్రశ్న. అవతలివారు నష్టాన్ని తగ్గించుకోవడానికి చేతనైన ప్రయత్నం చేశారా అన్నది కూడా కోర్టు చూస్తుంది. 16,000 పెట్టెలను వారు వేరేచోట 34 రూపాయల చొప్పున కొన్నారనుకుందాం. అదనంగా పడ్డది పెట్టెకు 4 రూపాయలు, మొత్తం 64,000. తిరస్కరణ న్యాయమే అని తేలినా, సహజమైన నష్టం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. బాకీ 3,20,000 నుంచి దానిని తీసేసినా యజమానికే 2,56,000 రావాలి. ఈ లెక్క వేయకుండా రాజీకి కూర్చున్న యజమాని, తనకు రావలసిన సొమ్మును వదిలేసి పైగా ఎదురు కట్టి వస్తాడు.

ఒప్పందంలో ఆలస్యానికి జరిమానా రాసి ఉంది, సంతకం చేశాను. అది తప్పదు కదా?

పూర్తిగా తప్పదని కాదు. నోటీసులో దానిని "లిక్విడేటెడ్ డామేజెస్" లేదా "పెనాల్టీ" అంటారు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి, దానికి లోబడి న్యాయమైన పరిహారాన్ని మాత్రమే కోర్టు ఇప్పిస్తుంది. మన ఉదాహరణలో ఆలస్యమైన సరుకు విలువపై వారానికి 1 శాతం అని ఉందనుకుందాం. 16,000 పెట్టెల విలువ 4,80,000. ఆలస్యం 12 రోజులను రెండు వారాలుగా లెక్కించినా 2 శాతం, అంటే 9,600 రూపాయలు. జరిమానాను మొత్తం ఒప్పందం విలువ మీద లెక్కించారా, ఆలస్యమైన భాగం మీద లెక్కించారా అన్నది తప్పక చూడండి. నోటీసుల్లో ఈ లెక్క తరచుగా మొత్తం మీదే ఉంటుంది.

ఆలస్యానికి కారణం వారే అయితే ఏం చేయాలి?

దానిని తేదీలతో చెప్పాలి, కోపంతో కాదు. మన ఉదాహరణలో పెట్టెపై ముద్రించే డిజైన్‌ను కొనుగోలుదారు ఫిబ్రవరి 20లోగా ఖాయం చేయాలని ఒప్పందం. ఖాయం చేసినది మార్చి 6న, అంటే 14 రోజులు ఆలస్యంగా. ఒకరి పని ఇంకొకరి పనిపై ఆధారపడినప్పుడు, ముందు చేయవలసినవారు చేయకుండా రెండోవారిని తప్పుపట్టడం కుదరదని కాంట్రాక్టు చట్టం 54వ సెక్షను చెబుతుంది. ఆ 14 రోజులను కలిపితే సరుకు గడువు ఏప్రిల్ 14 అవుతుంది, యజమాని సరుకు పంపబోయింది 12న. కోర్టు ఈ వాదనను పూర్తిగా అంగీకరిస్తుందని హామీ ఇవ్వలేను. కానీ మార్చి 6 నాటి ఈమెయిల్ చేతిలో ఉంటే ఇదే మీ జవాబుకు వెన్నెముక.

## జవాబు

నాకున్న దారులు ఏమిటి?

తప్పు మీదేనని, అడిగిన లెక్క సరైనదేనని తేలితే చెల్లించి రసీదు తీసుకోవడం ఒక దారి. తప్పు లేదని నమ్మితే ఆరోపణలను పేరా వారీగా ఖండించి, మీకు రావలసిన బాకీని ఎదురు డిమాండుగా రాయడం మరొకటి. కొంత తప్పు ఇటు, కొంత అటు ఉన్నప్పుడు, నా అనుభవంలో ఎక్కువ వివాదాలు ఇలాంటివే, హక్కులను కాపాడుకునే గట్టి జవాబు ఒకటి, "వితౌట్ ప్రెజుడిస్" అని పైన రాసిన రాజీ ప్రతిపాదన మరొకటి విడివిడిగా పంపడం మంచిది. రెండింటినీ ఒకే ఉత్తరంలో కలిపితే ఖండన బలం పోతుంది. కాగితాలు పోగుచేయడానికి సమయం కావాలంటే, ఆరోపణలను అంగీకరించడం లేదని, పూర్తి జవాబు ఫలానా తేదీలోగా పంపుతామని, నోటీసులో పేర్కొన్న పత్రాల నకళ్ళు పంపమని కోరుతూ చిన్న ఉత్తరం రాయవచ్చు.

వకీలు లేకుండా నేనే తెలుగులో జవాబు రాయవచ్చా?

రాయవచ్చు, ఏ చట్టమూ అడ్డుకోదు. కానీ ఒక ప్రమాదం ఉంది. మర్యాద కోసం "మీ సొమ్ము త్వరలో సర్దుతాము, కాస్త ఓపిక పట్టండి" అని రాసే అలవాటు మనకుంది. ఆ వాక్యం బాకీని ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పంద ఉల్లంఘనపై దావాకు ఉన్న మూడేళ్ళ కాలపరిమితి ఇంకా ముగియకముందు సంతకంతో అలా రాస్తే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షను కింద ఆ కాలం మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని వాదించే అవకాశం అవతలివారికి దొరుకుతుంది. వాట్సాప్‌లో పంపిన ఇలాంటి మాట కూడా సాక్ష్యంగా రావచ్చు. కాబట్టి జరిగినదంతా తేదీల వారీగా తెలుగులో మీరు రాసివ్వండి, జవాబును వకీలు చేత రాయించండి, పంపే ముందు ప్రతి పేరానూ తెలుగులో చెప్పించుకుని విన్నాకే అంగీకరించండి.

వకీలు దగ్గరకు ఏ కాగితాలు తీసుకెళ్ళాలి?

నోటీసు, దాని కవరు, ఒప్పందం లేదా పర్చేజ్ ఆర్డరు, ఇన్వాయిసులు, అవతలివారి సంతకం ఉన్న డెలివరీ చలాన్లు, ఈ-వే బిల్లులు, ఆ పార్టీ లెడ్జరు, బ్యాంకు స్టేట్‌మెంటు. ఫోన్‌ను మార్చకండి, సంభాషణలను చెరపకండి. స్క్రీన్‌షాట్ మాత్రమే ఉంటే కోర్టులో ఇబ్బంది, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కావాలి. మీకు వ్యతిరేకంగా ఉన్న కాగితాన్ని దాచకండి, అది అవతలివారి దగ్గర ఎలాగూ ఉంటుంది.

## జవాబు పంపాక

తరువాత ఏం జరుగుతుంది?

కొన్నిసార్లు ఏమీ జరగదు. వ్యాపార వివాదం విలువ 3 లక్షలు లేదా అంతకు మించి ఉంటే, అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళాలని కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షను నిర్దేశిస్తుంది. అందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి మీకు పిలుపు వస్తుంది. అక్కడికి వెళ్ళడం వల్ల నష్టం లేదు, లెక్క చేతిలో ఉన్నవారికి అదే తక్కువ ఖర్చుతో తేలే చోటు. అది ఫలించక దావా పడి సమన్లు అందితే, వ్రాతపూర్వక జవాబుకు 30 రోజులు ఉంటాయి. కమర్షియల్ దావాలో కోర్టు అనుమతితో గరిష్ఠంగా 120 రోజులు, ఆ తరువాత జవాబు హక్కే పోతుంది. వకీలు నోటీసు గడువులా ఇది సాగదు.

మాకు రావలసిన 3,20,000 కోసం మేమే ముందుకు వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. మీ యూనిట్ సరఫరాకు ముందే ఉద్యమ్‌లో సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. దీనికి, చిన్న పరిశ్రమలకు రావలసిన బాకీల వివాదాలను ఆ చట్టం కింద చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. నోటీసు జవాబులో ఈ బాకీని తప్పక ప్రస్తావించండి, లేకపోతే కేవలం ఎదురుదెబ్బగా తరువాత కల్పించారంటారు.

ఫోన్లో మాట్లాడుకుని రాజీ పడ్డాం. ఇక నోటీసు వదిలేయవచ్చా?

కాగితం మీద పెట్టేవరకూ వదిలేయకండి. ఎవరు ఎవరికి ఎంత, ఏ తేదీన ఇస్తారో, ఆ తరువాత ఈ ఒప్పందంపై ఎవరికీ ఏ బాకీ లేదని, ఫలానా తేదీ నోటీసును ఉపసంహరించుకున్నారని రాసి ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి. హామీగా ఇచ్చిన చెక్కు ఉంటే, దాని నంబరు ఆ కాగితంలో రాయించి, సొమ్ము చేతులు మారే రోజునే ఆ చెక్కును వెనక్కు తీసుకోండి.